టేకు తలుపుకి కొత్త పిడులు

దేముడమ్మకి నొప్పంటే తెలియదని పూర్ణా మార్కెట్ వెనకాల గోనెసంచుల గోదాములో అందరూ గొప్పగా చెప్పుకునేవారు. చిరిగిన సంచులకి మాట్లు వేసే పని అది. దబ్బనం జారి అరచేతిలో దిగిందంటే తక్కిన ఆడవాళ్ళు అమ్మో అని లేచి గెంతేవారు. దేముడమ్మ మాత్రం దబ్బనం లాగేసి, రక్తం చీర కుచ్చెళ్ళకి తుడుచుకుని, మళ్ళీ కుట్టుకుంటూ కూర్చునేది. "ఇది మనిషి సెయ్యి కాదర్రా, కొయ్య సెయ్యి" అని నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. పోర్టులో కలాసీగా పనిచేసిన మొగుడు పోయి, పిల్లాపాపా లేక మిగిలిపోయిన ఆడదానికి నలుగురూ మెచ్చుకునే గుణం ఒక్కటుండడం తక్కువేం కాదు.

తీరా చూస్తే అది ఓర్పు కాదు, రోగం. చిటికెన వేలూ, దాని పక్క వేలూ లోపలికి వంగిపోవడం మొదలయ్యాక ఆమెకి అనుమానం వచ్చింది. పేరు పెట్టి పిలవడానికి కూడా జనం భయపడి 'పెద్దరోగం' అనేస్తారే, అది. ఇంటికి దగ్గర్లో ఆస్పత్రి ఉన్నా వెళ్ళలేదు. తెలిసినవాళ్ళెవరూ కనపడని చోటికి రెండు బస్సులు మారి వెళ్ళి చూపించుకుంది. అక్కడి డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు రెండేళ్ళపాటు ఒక్క పూట తప్పకుండా మింగింది. తిరుపతి వెళ్తున్నానని ఒకసారి, ఆడపడుచుకి బాగోలేదని ఒకసారి, లేని ఆడపడుచుని పుట్టించి మరీ వెళ్ళొచ్చేది. రోగం పోయింది. మందు రోగాన్ని చంపింది గానీ, రోగం అంతకు ముందే చంపేసిన నరాల్ని బతికించలేకపోయింది. వేళ్ళు వంగినవి వంగినట్టే ఉన్నాయి, అరచేతులు మొద్దుబారినవి మొద్దుబారినట్టే ఉన్నాయి.

"నీకింక రోగం లేదు దేముడమ్మా, నీ వల్ల ఎవరికీ అంటదు కూడా. కానీ నీ చేతులకి నొప్పి తెలియదు కాబట్టి నువ్వే కళ్ళతో కనిపెట్టుకుని ఉండాలి. ఏదైనా కోసుకుంటే చీము పడుతుంది, ఎముక దాకా పోతుంది, వేలు పోతుంది" అంది డాక్టరమ్మ. ప్రతిసారీ అరచేతిలో కొత్త కోతలు చూసి, దబ్బనం పోట్లు కావివి, ఇంట్లో నువ్వు పట్టుకునే వస్తువులన్నీ ఒకసారి వెతుక్కో అని కూడా చెప్పింది.

దేముడమ్మ వెతుక్కుంది. పెద్దగా వెతకనక్కర్లేకపోయింది. పెరట్లో ఇత్తడి కుళాయి పిడి సగం విరిగి, విరిగినచోట కత్తిలా ఉంది. మర అరిగిపోవడంతో గట్టిగా బిగిస్తేగాని నీళ్ళు ఆగవు. బిగించిన ప్రతిసారీ ఆ మొన అరచేతిలో దిగుతోంది. ఇక వీధి తలుపుకీ పెరటి తలుపుకీ ఉన్న ఇనప పిడులైతే తుప్పు తినేసి, అంచులు రేకుల్లా లేచిపోయాయి. రోజుకి ఎన్నిసార్లు లాగుతాం తలుపు? అన్నిసార్లూ చెయ్యి తెగుతోందన్నమాట. సొంత ఇల్లే ఆమెను కొద్దికొద్దిగా కొరుక్కు తింటోంది. సొంత ఇల్లంటే అద్దె ఇల్లే అనుకోండి.

ఆ అద్దె ఇల్లు అచ్యుతరామయ్యగారిది. గోదావరి జిల్లా నుంచి వచ్చి, పోర్టు స్టోర్సులో గుమాస్తాగా చేరి, అందులోనే రిటైరయ్యాడు. మేకు దగ్గర నుంచి లంగరు దాకా, కాయితం లేనిదే ఏ వస్తువూ గుమ్మం దాటనివ్వలేదని ఆయనకి పేరు. రిటైరయ్యాక ఇంటిని కూడా స్టోర్సులాగే నడిపాడు. మూడు వాటాల పెంకుటిల్లు. పోర్టులో వేలం వేసిన బర్మా టేకు కొని, దగ్గర కూర్చుని చేయించుకున్న తలుపులు. గోడకి కేలండరు తగిలించాలన్నా అర్జీ రాసివ్వాలి. "నోటిమాట నీటిమూట. కాయితం మీద పెట్టు, ఆలోచిస్తాను" అనేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఏనాడూ అద్దె కోసం గుమ్మం ముందు నిలబడి కేకలెయ్యలేదు, దేముడమ్మ మొగుడు పోయినప్పుడు శవాన్ని వీధిలో కాదు, లోపలే పెట్టుకోమన్నాడు. ఆ మాట ఆమె మరిచిపోలేదు.

ఆయన భార్య కాంతమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. మధ్యాహ్నం గోదాము నుంచి రాగానే దేముడమ్మ ఆవిడ ముందు కూర్చుని, వెచ్చబెట్టిన నువ్వులనూనెతో మోకాళ్ళు రుద్దేది. "నీ చేతిలో ఏముందోనే, డాక్టరు మందుకి పోని నొప్పి పోతుంది" అనేది కాంతమ్మగారు. ఆ చేతుల్లో ఏముందో దేముడమ్మకే తెలుసు. అంటదని డాక్టరమ్మ చెప్పింది కదా అని ధైర్యం చెప్పుకుని ఇంకాస్త నూనె పోసుకునేది. వంగిన వేళ్ళకి కీళ్ళవాతమని పేరు పెట్టింది. ఆవిడా ఈమే కలిసి వాతాన్ని తిట్టుకునేవారు.

ముందు దేముడమ్మ పిడులకి పాత చీర ముక్కలు చుట్టింది. అచ్యుతరామయ్యగారు చూసి, "తలుపులకి ఈ కట్లేమిటి, ఇల్లేమైనా ఆస్పత్రా?" అని తనే కత్తెరతో కత్తిరించేశాడు. ఇక లాభం లేదని పూర్ణా మార్కెట్లో సిరాజ్ దుకాణానికి వెళ్ళింది. కుళాయిలూ గొళ్ళేలూ బందులూ అమ్ముతాడు సిరాజ్. ఆమె మొగుడికి స్నేహితుడు. ఆ ఊళ్ళో ఆమె రోగం సంగతి తెలిసినవాడు అతనొక్కడే. ఒకసారి మాత్రల అట్ట అతని దుకాణంలోనే జారిపడింది. తీసి చేతికిచ్చి, ఏటని అడగలేదు.

సిరాజ్ ఒక కుళాయి తీసి చూపించాడు. ఆపరేషన్ గదుల్లో ఉండేలాంటిది. పొడుగాటి కాడ ఉంటుంది, వేళ్ళతో తిప్పక్కర్లేదు, మణికట్టుతో పక్కకి నెడితే చాలు. తలుపులకి మాత్రం నున్నటి, లావుపాటి చెక్క పిడులు ఏరి పక్కన పెట్టాడు.

"ఇయి బిగిత్తే నీ సేతులు బతుకుతాయి దేముడమ్మా. మీ గుమాస్తాగారు ఒప్పుకుంటారా?"

"కాయితం రాత్తే ఒప్పుకుంటారు. నువ్వే రాయి సిరాజ్ బావా. కర్సు నాదేనని గట్టిగా రాయి."

దుకాణం బల్ల మీదే అతను రాశాడు.

"ఇంటి యజమాని శ్రీ అచ్యుతరామయ్యగారికి, తమ రెండో వాటాలో అద్దెకుంటున్న దేముడమ్మ నమస్కరించి చేసుకొను విన్నపము. మా పెరటి కుళాయి అరిగి, పిడి సగము విరిగి, ఎంత బిగించినా కారుచున్నది. వీధి తలుపు, పెరటి తలుపు పిడులు తుప్పుపట్టి అంచులు లేచినవి. వీటిని నా స్వంత ఖర్చుతో మార్చుకొనుటకు అనుమతి ఇప్పించ ప్రార్థన. ఈ ఖర్చు అద్దెలో తగ్గించమని అడగను. పాత సామాను తమకు అప్పగించగలను. ఇల్లు ఖాళీ చేయునప్పుడు కొత్తవి ఇక్కడనే వదలి వెళ్ళగలను."

కింద ఆమె సంతకం పెట్టింది. కలం రెండు వేళ్ళ మధ్య నిలవక, పిడికిట్లో పట్టుకుని పెట్టింది.

అచ్యుతరామయ్యగారు కాయితం అందుకుని రెండుసార్లు చదివి, కళ్ళజోడు సర్దుకుని తనిఖీకి వచ్చాడు. కుళాయి తిప్పి చూశాడు. పిడి పట్టుకుని చూసి చెయ్యి దులుపుకున్నాడు. అరిగిన మాట నిజమేనన్నాడు. కొత్తవి ఎలాంటివి పెడతావని అడిగాడు. ఆమె పొడుగు కాడ కుళాయి గురించీ, చెక్క పిడుల గురించీ చెప్పింది.

"అదెలా కుదురుతుంది? ఇనప పిడికి రెండు బెజ్జాలు. నువ్వు చెప్పే పిడికి నాలుగు. టేకు తలుపుకి కొత్త బెజ్జాలు పెడితే మళ్ళీ పూడుతాయా? ఉన్నదాని బదులు ఉన్నలాంటిదే పెట్టుకో, ఇప్పుడే రాసిచ్చేస్తాను. వేరే రకం కావాలంటే కారణం చూపించాలి."

"సేతులకి సుళువుగుంటాదని బాబూ."

"సుళువు కారణం కాదు" అన్నాడాయన, స్టోర్సు కిటికీలోంచి మాట్లాడినట్టే. ఇంటికెళ్ళి, 'ఉన్న రకమునకు మాత్రమే అనుమతి, ఇతర రకమునకు కారణము తెలుపవలెను' అని అదే కాయితం మీద ఎర్రసిరాతో రాసి పంపించాడు.

ఉన్న రకం పెట్టుకుంటే ఏం లాభం? సన్నటి ఇనప పిడి కొత్తదైనా ఆ చేతికి ఒరుసుకుంటుంది. తిప్పే కుళాయి కొత్తదైనా వంగిన వేళ్ళకి తిరగదు. పోనీ అదైనా పెట్టుకుందామా, కారణం చెప్పేద్దామా అని దేముడమ్మ ఊగిసలాడింది. ఊగిసలాడినంత కాలం పాత కుళాయే తిప్పింది. గోరుచుట్టు మీద రోకటి పోటంటారు, ఆమెకైతే ఆ పోటు కూడా తెలియలేదు. కుడిచేతి చూపుడు వేలు వాచి నల్లబడింది. గోదాములో పక్కన కూర్చునే జోగమ్మ, "ఏటే కంపు కొడతాంది?" అని ముక్కు మూసుకుంటే అప్పుడు చూసుకుంది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళేసరికి ఎముక కుళ్ళిపోయి ఉంది. వేలు సగానికి తీసేశారు. తీసేటప్పుడు కూడా నొప్పి తెలియలేదు. బస్సులో తిరిగొస్తూ కట్టు కట్టిన వేలుని ఒళ్ళో పెట్టుకుని, మొగుడు పోయినప్పుడు కూడా ఏడవనంత ఏడ్చింది. ఏడుపుకి నొప్పితో పనిలేదు కదా.

మిగిలిన వేళ్ళయినా దక్కాలంటే ఆ కుళాయి మారాలి. ఇల్లు మారదామంటే, ఆ చేతులు చూసి కొత్తవాళ్ళెవరు అద్దెకిస్తారు? డాక్టరమ్మనే అడిగి ఒక చీటీ రాయించుకుంది. చికిత్స పూర్తయింది, రోగం నయమైంది, ఈమె వల్ల ఎవరికీ అంటదు, చేతులకి గాయాలు కాకుండా కాపాడుకోవాలి అని అందులో ఉంది. కింద సంతకం, గుండ్రటి ముద్ర. ఆ ముద్ర చూసుకుని దేముడమ్మకి కొండంత ధైర్యం వచ్చింది. కాయితాన్ని నమ్మే మనిషి కాయితాన్ని కాదంటాడా?

చీటీ పట్టుకుని సిరాజ్ దగ్గరికి వెళ్తే అతను కలం కింద పెట్టేశాడు.

"నా మాట ఇను. కారణం రాయకు. కీళ్ళవాతమని రాద్దాం. ఇది రాత్తే ఊరి గోడలకెక్కినట్టే."

"అబద్దం రాత్తే, రేపు తెలిత్తే? ఆ బాబు తప్పుడు కాయితం ఒప్పుకోడు. నిజం రాత్తే ఒప్పుకుంటాడు. ముద్దరుంది సూడు."

"ముద్దర కాయితానికే, మడిసికి కాదు. మడిసి ముద్దర సూడడు దేముడమ్మా, సేతులు సూత్తాడు."

"నువ్వు సూళ్ళేదుగా" అంది ఆమె. సిరాజ్ మళ్ళీ కలం తీసి రాసిచ్చాడు.

రెండో కాయితమూ చీటీ కలిపి ఆమె అచ్యుతరామయ్యగారి చేతికిచ్చింది. ఆయన వాకిట్లో పడక్కుర్చీలో కూర్చుని చదివాడు. చదువుతుంటే ఆయన మొహంలో రంగు మారడం దేముడమ్మ చూసింది. కాయితం పట్టుకున్న బొటనవేలూ చూపుడువేలూ ఇంకాస్త చివరికి జరిగాయి. ఆయన లేచాడు. లోపలికి వెళ్ళి కలం తెచ్చుకున్నాడు. 'కారణము సరియైనది. ధ్రువపత్రము జతపరచబడినది. అనుమతించడమైనది' అని రాసి, తారీఖు వేసి, అరుగు మీద పెట్టాడు. చేతికివ్వలేదు. ఆ ఆనందంలో ఆమె అది గమనించనే లేదు.

మర్నాడే సిరాజ్ మనిషిని పంపించాడు. అతను నీళ్ళు కట్టేసి, పాత కుళాయి ఊడదీసి, గొట్టం మరకి జనపనార చుట్టి కొత్తది బిగించాడు. తలుపులకి జాగ్రత్తగా బెజ్జాలు పెట్టి చెక్క పిడులు వేశాడు. అతను వెళ్ళాక దేముడమ్మ మణికట్టుతో కుళాయి కాడని నెట్టింది. నీళ్ళు వచ్చాయి. వెనక్కి నెట్టింది, ఆగిపోయాయి. చిన్నపిల్లలా మళ్ళీ నెట్టింది. ఇంత సుళువైన పని కోసం ఒక వేలు ఇచ్చుకున్నానా అని నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నం నూనె వెచ్చబెట్టుకుని వెళ్తే కాంతమ్మగారి తలుపు గడియ పెట్టి ఉంది. పడుకుందేమో అనుకుంది. మర్నాడూ గడియే. ఆ తర్వాత రోజు కిటికీలోంచి కాంతమ్మగారు కనిపించింది. మోకాళ్ళు ఎర్రగా పుళ్ళు పడి ఉన్నాయి. మొగుడి నోట కాయితం సంగతి విన్న దగ్గర్నుంచీ సబ్బుతోనూ సున్నిపిండితోనూ చర్మం లేచిపోయేలా తోముకుందని తర్వాత తెలిసింది.

"ఎన్నేళ్ళు రుద్దావే ఆ చేతుల్తో! నేను నీకేం ద్రోహం చేశాను?" అంది కాంతమ్మగారు ఏడుస్తూ.

"అంటదమ్మా. డాక్టరమ్మ రాసింది. నాను ఒట్టు..."

"ఒట్లు పెట్టకు. అటు నిలబడి మాట్లాడు."

కాంతమ్మగారు చెడ్డదా అంటే ఏం చెప్పగలం? భయపడింది. భయపడ్డ మనిషి నోట్లో మాట దాగదు. మూడో వాటాలో ఉండే చిట్టమ్మ చెవిన వేసింది. చిట్టమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి వీధంతా తెలిసింది, వారం తిరక్కుండా గోదాముకీ తెలిసింది. కొయ్య చెయ్యి అని మెచ్చుకున్న ఆడవాళ్ళే ఆమె కుట్టిన సంచులు కర్రతో పక్కకి నెట్టారు. గోదాము మేస్త్రీ గుమ్మంలోనే ఆపి, మళ్ళీ కబురు పెడతానన్నాడు. ఆ కబురు ఇప్పటిదాకా రాలేదు. చిట్టమ్మ మొగుడు, ఆవిడైనా ఉండాలి మేమైనా ఉండాలి అని ఇంటాయనతో తేల్చి చెప్పాడు.

అచ్యుతరామయ్యగారు వచ్చి ఆమె గుమ్మానికి దూరంగా, వీధిలో నిలబడ్డాడు. చేతిలో నోటీసు కాయితం ఉంది.

"దేముడమ్మా, నువ్వు వచ్చే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి."

"ఎందుకు బాబూ? తప్పు సేసినానా? మీరే రాసిచ్చినారు గదా. దరువపత్రం సరైనదే అన్నారు గదా."

"సరైనదే. నేను కాదనట్లేదు. డాక్టరు రాసింది నేను నమ్మాను కూడా."

"మరి?"

ఆయన నోటీసు మడతపెట్టాడు. "కాయితం కాయితమే. ఇల్లు ఇల్లు. ఆవిడ నాలుగు రోజులుగా అన్నం తినట్లేదు" అన్నాడు. బతుకంతా కాయితం మీద నిలబడిన మనిషి ఆ మాట అంటుంటే వినడానికి దేముడమ్మకే సిగ్గేసింది. నోటీసు గట్టు మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద రాయి పెట్టి వెళ్ళిపోయాడు.

సిరాజ్‌కి కోపం ఆగలేదు. "కోర్టుకెల్దాం. ఇన్నేళ్ళుగా ఉన్నోళ్ళని ఊరికే పొమ్మంటే కుదరదు. ఆయన రాసిచ్చిన కాయితమే సాచ్చికం" అన్నాడు.

"కోర్టులో ఏటి సూపించాలి బావా? నా సేతులేనా? ఒక ఈదికి తెలిసింది సాలు. ఊరంతటికీ సూపించలేను" అంది దేముడమ్మ. గెలిచినా ఆ వాటాలో ఎవరి మొహం చూస్తూ బతుకుతుంది? ఆమెకి పక్కింటి పలకరింపు కావాలి గానీ జడ్జిగారి తీర్పుతో ఏం పని? డాక్టరమ్మే ఊరి చివర రోగుల కాలనీలో ఒక గది మాట్లాడింది. ఆ కాలనీ గుమ్మం తొక్కకూడదనే అన్నేళ్ళూ అన్ని అబద్ధాలాడింది, రెండు బస్సులు మారింది. చివరికి అక్కడికే ప్రయాణమయింది.

ఖాళీ చేసే రోజు సిరాజ్ రిక్షా తెచ్చాడు. సామానంటే ఎంత, రెండు సంచులూ ఒక ట్రంకు పెట్టే. ఇల్లు ఊడ్చి, నీళ్ళు చల్లి, తలుపులు దగ్గరగా వేసి, తాళంచెవి అరుగు మీద పెట్టింది. చేతికిస్తే ఆయన అందుకోడని ఈపాటికి నేర్చుకుంది.

అచ్యుతరామయ్యగారు మొదటి కాయితం పట్టుకుని వచ్చాడు. అందులో 'కొత్తవి ఇక్కడనే వదలి వెళ్ళగలను' అన్న వాక్యాన్ని ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి ఉంది.

"ఆ కుళాయీ పిడులూ నువ్వే పట్టుకుపో దేముడమ్మా. నీ డబ్బుతో కొన్నావు. నాకొద్దు."

"వదిలేత్తానని రాసిచ్చినాను గదా బాబూ. మాట తప్పితే ఎలాగ?"

"అది కొట్టేశాను. వచ్చేవాళ్ళు..." ఆయన చూపు పిడుల మీదికి పోయింది. "వచ్చేవాళ్ళు ముట్టుకోరు."

సిరాజ్ పళ్ళు పటపటలాడించాడు గానీ ఆమె వద్దని సైగ చేసింది. అతనే పానా తెచ్చి కుళాయి ఊడదీశాడు. పిడుల మరలు ఒక్కొక్కటే విప్పాడు. టేకు చెక్క మీద నాలుగేసి బెజ్జాలు నోళ్ళు తెరుచుకుని కనిపించాయి. కుళాయి ఇంకా తడిగానే ఉంది. దేముడమ్మ దాన్ని కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది.

రిక్షా ఎక్కబోయి ఆగింది. కోపం లేదు, వెటకారమూ లేదు. తెలియక అడిగిన మాటే.

"పిడులంటే నిన్నగాక మొన్న పెట్టినాను బాబూ. ఈ తలుపులు పదిహేనేళ్ళు ఈ సేతుల్తోనే తీసినాను, ఏసినాను. మరి తలుపుల్నేటి సేత్తారు?"

అచ్యుతరామయ్యగారు దగ్గర కూర్చుని చేయించుకున్న ఆ టేకు తలుపుల వైపు ఒకసారి చూశాడు. ఆ తర్వాత తల దించుకుని, ఆమెకి వినపడీ వినపడనట్టు చెప్పాడు.

"వడ్రంగి వస్తున్నాడమ్మా, రేపు."